పండగ సరుకు మిగిలింది, అద్దె ఏడాదికి ముందే కట్టేశా: ఇది లాభమా నష్టమా?

కొత్తకొట్టు
మా లెక్కల సంవత్సరం మొన్న ముగిసింది. కొట్టు తెరిచి అప్పటికి మూడు నెలలే. పండగ అలంకరణ లైట్ల పెట్టెలు 400 తెచ్చా, ఒక్కోటి 250 పడింది, అంటే మొత్తం లక్ష. పండగకి 300 పెట్టెలు 400 చొప్పున పోయాయి, చేతికొచ్చింది లక్షా ఇరవై వేలు. కొట్టు తీసుకున్న రోజే ఏడాది అద్దె 1,20,000 ఒకేసారి కట్టేశా, అలా అయితేనే ఇస్తానన్నాడు ఓనరు. ఇప్పుడు మా బావ పుస్తకం చూసి 'వచ్చింది లక్షా ఇరవై, పోయింది రెండు లక్షలా ఇరవై, లక్ష నష్టం, కొట్టు మూసెయ్' అంటున్నాడు. అకౌంట్స్ చదివే మా తమ్ముడేమో 15 వేలు లాభం అంటున్నాడు. ఇద్దరూ అదే పుస్తకం చూశారు. రెండు రోజులుగా నిద్ర పట్టట్లేదు, ఎవరి మాట నమ్మాలి?

గల్లాపెట్టె
మీ బావే కరెక్ట్. గల్లాలో ఉన్నది లెక్కపెట్టుకోండి, అదే నిజం. మిగతావన్నీ కాగితం మీద రాతలు.

పద్దులమనిషి
గల్లాపెట్టె గారు, గల్లాలో లక్ష తగ్గిన మాట నిజమే కానీ ఆ లక్ష ఎటు పోయిందో కూడా చూడాలి కదా. ముందు అద్దె సంగతి తీసుకుందాం, అది సులువు. 1,20,000 అంటే నెలకి పది వేలు. కొట్టు వాడింది మూడు నెలలు, కాబట్టి ఈ సంవత్సరం ఖర్చు 30 వేలే. మిగతా తొమ్మిది నెలల తాళం ఇంకా మీ చేతిలోనే ఉంది, ఆ 90 వేలకి ఓనరు మీకు చోటు బాకీ. అది ఖర్చు కాదు, బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తుల వైపు 'ముందుగా చెల్లించిన అద్దె' అని కూర్చుంటుంది, వచ్చే ఏడాది నెలకి పది వేల చొప్పున కరుగుతుంది. ఇదే మ్యాచింగ్: డబ్బు ఎప్పుడు కట్టామన్నది కాదు, దాని వల్ల ఉపయోగం ఏ కాలానికి వచ్చిందన్నది చూస్తాం.

సరుకు కూడా అంతే. 300 పెట్టెలు అమ్మితే 300 పెట్టెల ఖరీదే, అంటే 75 వేలే ఆ అమ్మకాలకి ఎదురుగా పెట్టాలి. 1,20,000 లోంచి 75,000, అందులోంచి 30,000 తీస్తే 15,000. మీ తమ్ముడు అక్కడిదాకా సరిగ్గానే వచ్చాడు. అక్కడ ఆగిపోయాడన్నదే నా అభ్యంతరం, దాని గురించి తర్వాత రాస్తా.

తాళంచెవి
అన్నా, ఓనరు దగ్గర ఇరుక్కున్న అడ్వాన్స్ గురించి అడుగుతున్నావా? నాకూ అదే బాధ. ఖాళీ చేసి నాలుగు నెలలైంది, గోడకి మేకులు కొట్టావని పట్టుకుని కూర్చున్నాడు. లిఖితపూర్వకంగా అడగండి, ఫోన్లలో అడిగితే లాభం లేదు.

కొత్తకొట్టు
కాదు తమ్ముడూ, నాది తిరిగొచ్చే అడ్వాన్స్ కాదు, అద్దే ముందుగా కట్టా. మీది త్వరగా రావాలని కోరుకుంటున్నా.

పద్దులమనిషి
తాళంచెవి తెచ్చిన తేడా మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాల్సిందే. తిరిగొచ్చే డిపాజిట్ నెలనెలా కరగదు, కొట్టు ఖాళీ చేసేదాకా అలాగే ఉంటుంది. ముందు కట్టిన అద్దె రోజూ కరుగుతుంది. రెండిటినీ 'అడ్వాన్స్' అని ఒకే పేరుతో ఒకే ఖాతాలో రాసేవాళ్లని చాలామందిని చూశా, సంవత్సరాంతంలో విడదీయలేక తల పట్టుకుంటారు.

చదువుతున్నా
నాదో సందేహం. అన్న అమ్మకాలన్నీ పండగ నెలలోనే జరిగాయి కదా, ఆ కొట్టు తీసుకుందే పండగ కోసం. మరి మ్యాచింగ్ అంటే అమ్మకాలకి ఖర్చు జతచేయడం అయితే, అద్దెలో ఎక్కువ భాగం పండగ నెలకే వెయ్యాలి కదా? ఖాళీగా కూర్చున్న నెలలకి కూడా పది వేలు ఎందుకు?

కూడికలు
మంచి పాయింట్ పట్టావు. నేనైతే అమ్మకాల లెక్కన అద్దె పంచేదాన్ని.

పద్దులమనిషి
వద్దు కూడికలు గారు. లైట్ల పెట్టెకి, దాని అమ్మకానికి సూటిగా సంబంధం ఉంది, ఆ పెట్టె పోయింది కాబట్టే ఆ 400 వచ్చింది. అద్దెకి అలాంటి సంబంధం లేదు. ఓనరు మీకిచ్చింది చోటు, అది పండగ నెలలోనూ అంతే, తర్వాత నెలలోనూ అంతే. అందుకే సరుకుకి అమ్మకంతో జత, అద్దెకి కాలంతో జత. గిరాకీ లేని నెల అద్దె గిరాకీ లేని నెలకే ఖర్చు, ఆ నెల నష్టం కనపడితే కనపడనివ్వండి, అది నిజమే కదా. అమ్మకాల లెక్కన పంచితే ఇంకో ప్రమాదం కూడా ఉంది: వచ్చే ఏడాది అమ్మకాలు ఎంతో ఇప్పుడే ఊహించాలి, ఆ ఊహ మనకి నచ్చినట్టు జరుగుతుంది.

నిదానమే
ఇంతసేపూ మ్యాచింగ్ గోలేనా, ప్రూడెన్స్ సంగతి ఎవరూ ఎత్తరేం? పండగ అయిపోయింది, మిగిలిన 100 పెట్టెలు చచ్చిన సరుకు. లెక్క రాసేవాడు ఎప్పుడూ జాగ్రత్తపరుడై ఉండాలి. ఆ 25 వేలూ నష్టం కింద సున్నా చేసెయ్యండి, రేపు అమ్ముడుపోతే అదృష్టం. మా పాత యజమాని అలాగే చేసేవాడు, ఏనాడూ దెబ్బ తినలేదు.

సీజన్_సరుకు
నిదానమే గారు, మీరు చెప్పినట్టే చేసి నేను తిన్న దెబ్బ చెప్తా వినండి. నాది బట్టల కొట్టు. ఒక ఏడాది పండగ సరుకు మిగిలితే భయపడి మొత్తం సున్నా రాసేశా, ఆ ఏడాది నష్టం చూసి నా భాగస్వామి మనసు విరిగి వాటా అమ్ముకుని వెళ్లిపోయాడు. మరుసటి సీజన్‌లో అదే సరుకు ముప్పాతిక వంతు మామూలు రేటుకి పోయింది, కొన్న ఖర్చు పుస్తకంలో సున్నా కాబట్టి వచ్చిందంతా లాభమే. అందరూ నా తెలివిని మెచ్చుకున్నారు, నేనేమీ చెయ్యలేదు, ముందటేడు లాభాన్ని నేనే దాచి ఈ ఏడు బయటపెట్టానంతే. ఆ వెళ్లిపోయిన మనిషికి మాత్రం నేను తప్పుడు లెక్క చూపించినట్టే అయ్యింది, ఇప్పటికీ ఎదురుపడితే తల వంచుకుంటా.

నిదానమే
అది మీ దురదృష్టం. తక్కువ చూపించడం తప్పు కాదు, ఎక్కువ చూపించడం తప్పు.

చదువుతున్నా
ఆ మాట ఇప్పుడు చెల్లదండి. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల మూల చట్రంలోంచి 2010లో ప్రూడెన్స్ అన్న మాటనే తీసేశారు, ఇలా తక్కువ చూపించి దాచుకోవడానికి దారి ఇస్తోందనే. 2018లో మళ్లీ పెట్టారు కానీ అర్థం సరిచేసి పెట్టారు: ఏది ఎంతో తెలియనప్పుడు జాగ్రత్తగా అంచనా కట్టమని. ఆస్తిని కావాలని తగ్గించడం కూడా తప్పే అని స్పష్టంగా రాశారు.

నా ప్రశ్న ఇంకోటి. అలా అయితే 100 పెట్టెలూ 250 చొప్పునే ఉంచాలి కదా? అమ్ముడుపోయిన రోజు ఖర్చు రాస్తాం, అదే మ్యాచింగ్.

పద్దులమనిషి
ఇప్పుడు అసలు చోటికి వచ్చాం. మీ తమ్ముడు ఆగిపోయాడని అన్నది ఇక్కడే. మ్యాచింగ్ చెప్పేది: ఈ ఖర్చుని తర్వాతి ఏడాదికి మోసుకెళ్లు, దాని అమ్మకం అక్కడ వస్తుంది కాబట్టి. మరి ఆ అమ్మకం వస్తుందా, వస్తే 250 అయినా రాబడుతుందా అని అడిగేది ప్రూడెన్స్. రాబట్టలేని మేరకు మోసుకెళ్లడానికి వీల్లేదు, అంతే. మొత్తం సున్నా చెయ్యమనీ కాదు, మొత్తం మొయ్యమనీ కాదు. నికరంగా చేతికొచ్చేదెంతో చూడాలి: అమ్మితే వచ్చే ధరలోంచి అమ్మడానికి అయ్యే ఖర్చు తీసెయ్యాలి. అది కొన్న ఖరీదు కన్నా తక్కువైతే ఆ తక్కువ దాన్నే రాయాలి, ఎక్కువైతే కొన్న ఖరీదు దగ్గరే ఆగాలి. సరుకు లెక్కల మీద ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 2 చెప్పేది ఇదే.

కానీ 100 పెట్టెల్నీ ఒకే కుప్పగా చూస్తే దీనికి సమాధానం దొరకదు. కొత్తకొట్టు గారు, ఒకసారి కొట్టుకెళ్లి పెట్టెలు తెరిచి చూడండి. అన్నీ ఒకే రకమా? వచ్చే పండగకి పెట్టి అమ్మితే జనం కొంటారా? ఏవైనా ఈ ఏడాదికే చెల్లుతాయా?

కొత్తకొట్టు
ఇప్పుడే అన్నీ దింపి చూసొచ్చా. 60 పెట్టెలు మామూలు రంగు లైట్లు, దుమ్ము తప్ప ఏ లోపమూ లేదు, ప్లగ్ పెట్టి పది చూశా, పదీ వెలిగాయి. మిగతా 40 పెట్టెల మీద బంగారు రంగు స్టిక్కరుంది, దాని మీద ఈ ఏడాది అంకె పెద్దక్షరాల్లో. కొన్నప్పుడు అదే అందం అనుకున్నా. ఇప్పుడు ఆ అంకె చూస్తుంటే కడుపులో దేవినట్టుంది.

మొన్న ఒక కొట్టాయన ఆ అంకె ఉన్నవి ఒక్కోటి 90 ఇస్తానన్నాడు, ఆ 40లోంచి పది పెట్టెలు తీసుకెళ్లాడు కూడా. నేనే ఆటోలో వేసి పంపించా, పెట్టెకి పది దాకా పడింది.

గల్లాపెట్టె
మొన్న అంటే కొత్త సంవత్సరంలో జరిగిన బేరం. పాత ఏడాది లెక్కకి దానితో పనేంటి?

పద్దులమనిషి
పని ఉంది. సంవత్సరాంతం రోజు ఆ పెట్టెల విలువ ఎంతో ఎవరికీ కచ్చితంగా తెలియదు, లెక్కలు ముగించేలోపు జరిగిన ఆ బేరం దానికి సాక్ష్యం. అంకె పాతబడడమన్నది ఆ రోజుకే ఉన్న పరిస్థితి, బేరం దాన్ని బయటపెట్టిందంతే. అదే కొత్త సంవత్సరంలో వాన నీళ్లు చేరి పెట్టెలు పాడైతే అది కొత్త ఏడాది నష్టం, పాత లెక్కలోకి రాదు.

కూడికలు
సరే నేను కూడుతున్నా, తప్పుంటే చెప్పండి. అంకె ఉన్న 40: 90 లోంచి 10 తీస్తే 80. కొన్నది 250, పెట్టెకి 170 పోయింది, 40 పెట్టెలకి 6,800. మామూలువి 60: వచ్చే పండగకి 400కి పోతే ఖర్చులు తీసినా 250 కన్నా చాలా ఎక్కువే, కాబట్టి 250 దగ్గరే, 15,000. మొత్తం మిగులు సరుకు 15,000, 3,200 కలిపి 18,200. లాభం 15,000 లోంచి 6,800 పోతే 8,200.

గల్లాపెట్టె గారి కోసం ఇంకోలా కూడా సరిచూశా: గల్లాలో లక్ష తగ్గింది, దానికి బదులు సరుకు 18,200, అద్దె 90,000 ఉన్నాయి. కలిపితే 1,08,200. తేడా 8,200. రెండు దారులూ ఒకే చోటికి వచ్చాయి!

గల్లాపెట్టె
ఇది బాగుంది, ఒప్పుకుంటున్నా. కానీ ఒక మాట, 60 పెట్టెల మీద పెట్టెకి 150 లాభం రాబోతోంది కదా, అంటే 9,000. 40 మీద 6,800 నష్టం. కుప్పగా చూస్తే నష్టమే లేదు, మరి తగ్గించడం దేనికి?

సీజన్_సరుకు
ఆ 9,000 ఇంకా రాలేదు బ్రో. రాని లాభాన్ని తెచ్చి వచ్చేసిన నష్టం మీద కప్పడం అది.

పద్దులమనిషి
సీజన్_సరుకు గారు ఒక్క వాక్యంలో చెప్పేశారు. మామూలుగా ఒక్కో వస్తువుని విడిగానే చూడాలి. ఒకే రకం, ఒకే వాడకం ఉండి విడదీసి చూడలేని సరుకైతేనే కలిపి చూడనిస్తారు. ఇక్కడ స్టిక్కరే రెండిటినీ విడదీసింది.

టోకుబేరం
నేను ఈ సరుకే టోకున అమ్ముతా. ఇప్పుడు అదే మామూలు పెట్టె 200కే ఇస్తున్నా, కొత్త లాట్ వచ్చింది. మరి మీ 60 పెట్టెలు కూడా 200కి తగ్గించాలి కదా? అవి 250 అని రాసుకోవడం తప్పే.

నిదానమే
చూశారా, నేను చెప్పలే. పెట్టెకి 50 పోయినట్టే.

పద్దులమనిషి
తొందరపడకండి. ఇప్పుడు కొంటే ఎంత పడుతుందన్నది కాదు మన ప్రశ్న, ఉన్నది అమ్మితే ఎంత వస్తుందన్నది. టోకు ధర తగ్గినా కొట్లో 400కే పోతుంటే ఆ 60 పెట్టెల్లో నష్టమేమీ లేదు, మీరు ఆలస్యంగా కొనుంటే ఇంకాస్త మిగిలేది, అంతే. టోకు ధర తగ్గడం వల్ల పక్క కొట్లవాళ్లు కూడా రేటు దించి, మీరు 250 లోపు అమ్మాల్సి వస్తే అప్పుడు తగ్గించాలి. కాబట్టి టోకుబేరం గారి కబురు హెచ్చరికే, నిర్ణయం కాదు.

టోకుబేరం
పక్క కొట్లు దించుతాయి. నేను అమ్మే వాళ్లలో ఇద్దరు ఇప్పటికే 330 బోర్డు పెట్టారు.

కూడికలు
330 అయినా ఖర్చులు పోను 250 పైనే కదా. ఇంకా ఏం కాలేదు.

చదువుతున్నా
ఆ 60 పెట్టెల్ని వచ్చే పండగ దాకా పెట్టడానికి వెనక గది ఉంది కదా, దాని అద్దె పెట్టెల ఖరీదుకి కలపొచ్చా? వాటి కోసమే కదా ఆ ఖర్చు.

పద్దులమనిషి
కలపకూడదు. తయారై అమ్మకానికి సిద్ధంగా ఉన్న సరుకుని ఉంచుకోవడానికయ్యే అద్దె ఆ కాలానికే ఖర్చు. లేకపోతే అమ్ముడుపోని కొద్దీ సరుకు విలువ పెరుగుతూ పోతుంది, ఎంత విడ్డూరమో ఆలోచించండి. సరుకు ఎన్నాళ్లు మూలనపడితే అంత ఖరీదైపోతుంది!

మూలవాకిలి
అన్నా ఆ స్టిక్కరు పీకెయ్యొచ్చు కదా? మా కొట్లో ఇలాంటివి హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి పీకేస్తాం, జిగురు కొంచెం నూనెతో తుడిస్తే పోతుంది. అంకె లేకపోతే పెట్టె 200కైనా పోతుంది.

కూడికలు
అయితే లెక్క మారుతుంది! 200 లోంచి పీకడానికి కూలీ, కొత్త స్టిక్కరు కలిపి 20 అనుకోండి, అమ్మడానికి 10. 170 వస్తుంది. తగ్గించాల్సింది పెట్టెకి 80, మొత్తం 3,200. లాభం 11,800 అవుతుంది.

పద్దులమనిషి
పద్ధతి సరైనదే, కానీ రెండు విషయాలు. మొన్న 90కి వెళ్లిపోయిన పది పెట్టెల విలువ 80 దగ్గరే ఉంటుంది, వాటిని పీకేదేముంది. మిగతా 30కే ఈ అంచనా. రెండోది, పని నిజంగా అవుతుందో లేదో చూడకుండా 200 అని రాయకండి. కూడికలు గారి 20 కూడా ఊహే ఇప్పటికి.

కొత్తకొట్టు
ఐదు పెట్టెల మీద చేసి చూశా. డ్రయ్యరు పట్టి అంచు నుంచి నెమ్మదిగా లాగితే మూడు శుభ్రంగా వచ్చాయి. రెండిటికి అట్ట పొర కూడా లేచొచ్చి తెల్లగా మచ్చ పడింది. ఇంకో సంగతి, పెట్టె తెరిస్తే లోపల ప్లాస్టిక్ ట్రే మీద కూడా అదే అంకె అచ్చు వేసి ఉంది. అది పోదు. కొన్నవాడు ఇంటికెళ్లి తెరిచి చూసుకుంటే?

సీజన్_సరుకు
తెరిచి చూసి తిట్టుకుంటారు, మళ్లీ మీ కొట్టుకి రారు. ముందే చెప్పి అమ్మండి, అప్పుడు 200 రాదు, 130-140 రావొచ్చేమో. నేనైతే ఆ ధరకి నలుగురైదుగురు కొనేదాకా 80 దగ్గరే ఉంచుతా.

మూలవాకిలి
అయ్యో ట్రే సంగతి ఊహించలే. చెప్పకుండా అమ్మడం మాత్రం నేనూ ఒప్పుకోను.

చదువుతున్నా
ఒకవేళ 80 రాసి, వచ్చే ఏడాది ధర పెరిగితే?

పద్దులమనిషి
ఐఏఎస్ 2 ప్రకారం తగ్గించింది వెనక్కి వెయ్యొచ్చు, కానీ మొదట కొన్న 250 దాటకూడదు. అమెరికా నియమాల్లో అయితే వెనక్కి వెయ్యనివ్వరు, 80 అన్నదే కొత్త ఖరీదు అయిపోతుంది. నిజంగా అమ్ముడుపోయిన రోజు లాభం ఎలాగూ కనపడుతుంది కాబట్టి మీరు కంగారు పడాల్సిందేం లేదు.

నిదానమే
సరే సరుకు సంగతి ఒప్పుకుంటా, కానీ అద్దె? 90 వేలు ఆస్తి అని గుండె మీద చెయ్యేసుకుని రాస్తున్నారు. వాళ్ల బావ కొట్టు మూసెయ్ అంటున్నాడు కదా. మూసేస్తే ఓనరు ఒక్క పైసా తిరిగివ్వడు. అప్పుడా 90 వేలు ఏమైనట్టు?

కొత్తకొట్టు
నిజం చెప్పాలంటే ఆ ఆలోచన ఉంది. కొత్త ఏడాది మూడో నెల చివరికి నిర్ణయం తీసుకుందామనుకుంటున్నా. అగ్రిమెంట్‌లో తిరిగివ్వరని రాసుంది, వేరేవాళ్లకి ఇచ్చుకోవచ్చా అన్నది ఏమీ రాయలేదు.

పద్దులమనిషి
నిదానమే గారు ఈసారి సరైన చోట చెయ్యి పెట్టారు. నా అభిప్రాయం: సంవత్సరాంతం రోజున కొట్టు నడుస్తోంది, మూసే నిర్ణయం లేదు, కాబట్టి 90 వేలు ఉండాలి. నిర్ణయం తర్వాత తీసుకుంటే అది కొత్త ఏడాది సంఘటన, కొట్టు వాడడం ఆపేసిన నాటికి మిగిలిన అద్దె అప్పుడు నష్టం కింద పోతుంది. పాత లెక్క పక్కన ఒక వివరణ రాస్తే సరిపోతుంది, కానీ లెక్కలు ముగించేలోపే వ్యాపారమే మొత్తం మానేద్దామని తేలిస్తే పాత లెక్కని కూడా నడిచే కొట్టు లెక్కలా వెయ్యకూడదు.

నిదానమే
అంగీకరించను. పండగ తర్వాత రెండు నెలలు గిరాకీ లేదని ఆ రోజుకే తెలుసు కదా. ఆ బేరం సాక్ష్యం అయినప్పుడు ఇది సాక్ష్యం కాదా?

సీజన్_సరుకు
నాకూ ఇక్కడ నిదానమే గారి మాటలో కొంత పస కనపడుతోంది. గిరాకీ లేకపోవడం ఆ రోజుకే ఉన్న పరిస్థితి. ఆ కొట్టు ఇక గిట్టదని అప్పటికే తెలుస్తుంటే 90 వేలు మొత్తం నిలుస్తుందా?

పద్దులమనిషి
పండగ సరుకు కొట్టుకి పండగ తర్వాత గిరాకీ లేకపోవడం మామూలే, దాన్నిబట్టి కొట్టు చచ్చిందనలేం. వచ్చే పండగ ఈ అద్దె కాలంలోనే వస్తుందా లేదా అన్నది తేల్చుతుంది. కొత్తకొట్టు గారు, మీ అద్దె ఏ నెలతో అయిపోతుంది?

కొత్తకొట్టు
తొమ్మిదో నెలాఖరుకి. పండగ పదో నెలలో.

నిదానమే
అదిగో.

కూడికలు
అంటే వచ్చే తొమ్మిది నెలల్లో ఒక్క పండగ కూడా లేదు! మరి ఆ 60 పెట్టెలు పండగకి 400కి అమ్ముతాడన్న అంచనా కూడా మళ్లీ కొట్టు అద్దెకి తీసుకుంటేనే కదా నిలబడేది?

పద్దులమనిషి
ఇది నేను ముందే అడగాల్సింది, తప్పు నాదే. కొట్టు మానేస్తే ఆ 60 పెట్టెలు ఇంకో కొట్టువాడికి అమ్మాలి, టోకున 200కి కొత్తది దొరుకుతుంటే మీకు 250 ఎవరిస్తారు? అక్కడ కూడా తగ్గింపు రావొచ్చు. కొత్తకొట్టు గారు, రెండు పనులు చెయ్యండి. తొమ్మిది నెలల్లో పండగ కాని సరుకు ఏదైనా పెట్టే ఆలోచన సంవత్సరాంతానికి ముందే ఉందా, ఉంటే ఆర్డర్ కాగితాలు వెతకండి. రెండోది, ఓనరుని అడిగి మిగతా నెలలు వేరేవాళ్లకి ఇచ్చుకోవచ్చో లేదో రాయించుకోండి, ఇచ్చుకోగలిగితే 90 వేలలో కొంతైనా రాబట్టొచ్చు.

కొత్తకొట్టు
మామూలు బల్బులు, వైర్లు పెడదామని పండగ తర్వాత వారమే ఒకాయనతో మాట్లాడా, కొటేషన్ కాగితం గల్లా కింద సొరుగులో ఉండాలి. ఓనరు రేపు పొద్దున వస్తున్నాడు. కాగితం దొరికితే ఫోటో పెడతా.

తాళంచెవి
ఓనరుతో మాట్లాడేటప్పుడు రాయించుకో అన్నా, మర్చిపోకు. గోడకి మేకుల సంగతి కూడా.